టార్గెట్ దాటిన బ్రాంచీకీ ఎర్ర ఐకానే, ఎందుకు?

లక్ష్మి_కూకట్‌పల్లి: పవర్ బీఐ టేబుల్‌లో టార్గెట్ కన్నా తక్కువున్న బ్రాంచీలకు ఎర్ర ఐకాన్ పెట్టాను. 102 శాతం చేసిన అమీర్‌పేటకూ ఎరుపే వస్తోంది. ఎందుకు?

నరేష్_బీఐ: మెజర్‌లోనే తప్పుంటుంది. ఐకాన్లు తీసేసి గ్రేడియెంట్ రంగు పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

రఫీ_మెహదీపట్నం: మెజర్ బాగానే ఉంది. రూల్‌లో అంకె పక్కన `Percent` అని ఉంటుంది చూడండి, అది మీ శాతం కాదు. కాలమ్‌లో అతి తక్కువ విలువ నుంచి అతి ఎక్కువ విలువ దాకా ఉన్న దూరంలో ఈ విలువ ఎక్కడుందో అది చెబుతుంది. మీ బ్రాంచీల్లో తక్కువది 96, ఎక్కువది 120 అనుకోండి. తేడా 24, ఎరుపు రూల్‌లో ముందే ఉండే 33 శాతమంటే అందులో దాదాపు 8, అంటే 104 లోపున్న ప్రతి బ్రాంచీకీ ఎరుపే. 102 అక్కడే దొరికిపోయింది. ఇంకో నెల అందరూ 60 నుంచి 84 మధ్యే ఉంటే, 84 వాడికి పచ్చ ఐకాన్ వస్తుంది, అది ఇంకా ఘోరం.

బాబు_స్టోర్: ఈ రంగుల వల్లే నిరుడు మీటింగ్‌లో అందరి ముందూ నిలబడాల్సి వచ్చింది. మేం చేసింది 98 శాతం. నెలంతా మా రోడ్డు తవ్వేశారు, కస్టమర్ లోపలికి రావడానికే దారి లేదు. ఆ సంగతి ఏ ఐకాన్ చెప్తుంది?

నరేష్_బీఐ: రెండేళ్లుగా గ్రేడియెంటే వాడుతున్నాను, ఒక్కరూ అడగలేదు.

రఫీ_మెహదీపట్నం: అడగరన్నా, టార్గెట్ గీత ఎక్కడుందో అందులో కనబడదు కాబట్టి. మామూలుగా పెడితే అదీ తక్కువ నుంచి ఎక్కువకే రంగు పరుస్తుంది.

నరేష్_బీఐ: అందరికీ మీరే పాఠం చెప్పాలా? మా సార్‌కి కావాల్సింది ఏ బ్రాంచీ వెనకబడిందో, అంతే.

రఫీ_మెహదీపట్నం: అదీ సంగతి, ఇప్పుడు తేలింది! మీరు బ్రాంచీలను ఒకదానితో ఒకటి పోలుస్తున్నారు. లక్ష్మి గారు టార్గెట్‌తో పోలుస్తున్నారు. రెండూ వేరు. లక్ష్మి గారూ, `Percent` ను `Number` చేసి, 1 కన్నా తక్కువైతే ఎరుపు అనండి. 100 అని కొట్టకండి, లోపలున్న విలువ 1.02, అన్నీ ఎర్రబడతాయి. సెల్‌కి రంగు కూడా కావాలంటే బ్యాక్‌గ్రౌండ్ కలర్‌లో `Field value` ఎంచుకుని ఈ మెజర్ ఇవ్వండి, `[Ach]` చోట మీ శాతం మెజర్ పేరు రాయండి:

```
Flag = IF(NOT ISBLANK([Ach]) && [Ach] < 1, "#C00000")
```

`ISBLANK` తీసేయకండి. ఖాళీ విలువను కూడా 1 కన్నా తక్కువగానే లెక్కేస్తుంది, టార్గెట్ ఇంకా ఇవ్వని కొత్త బ్రాంచీ ఎర్రబడుతుంది.

సునీత: ఐకాన్లు మూడూ గుండ్రంగా కాకుండా ఆకారాలు మార్చండి మేడమ్. మా టీమ్‌లో ఒకరికి ఎరుపు, పచ్చ ఒకేలా కనిపిస్తాయి.

బాబు_స్టోర్: మరి 98 కీ, 60 కీ ఒకటే ఎరుపా?

రఫీ_మెహదీపట్నం: టార్గెట్ అంటే టార్గెటే కదా బాబు గారూ.

లక్ష్మి_కూకట్‌పల్లి: `Number` చేశాను, అమీర్‌పేట పచ్చబడింది, థాంక్స్. 95 నుంచి 100 దాకా పసుపు పెడదామని అడిగాను, మా సార్ ఒప్పుకోవట్లేదు. బాబు గారి మాట చూపించి సోమవారం మళ్ళీ అడుగుతాను.