కరెంటు పోయి వచ్చినప్పుడే 4093 ఐసీ వేడెక్కుతోంది: స్టాటిక్కా, లాచప్పా?

హన్మకొండ_స్టార్టర్: బోరు మోటర్లకు ఆటో స్టార్టర్ బోర్డులు చేస్తుంటాను. ధర్మసాగర్ దగ్గర ఒక పొలంలో పెట్టిన బోర్డు సతాయిస్తోంది. ట్యాంకు మీది సెన్సార్ వేరే బ్యాటరీతో నడుస్తుంది, 5 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. ఆ వైరు చాలా పొడవు. బోర్డులో 100 ఓమ్స్ రెసిస్టర్ దాటి నేరుగా 4093 ఇన్‌పుట్‌కు వస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు, అదీ అప్పుడప్పుడు, ఐసీ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మామూలుగా 20 మిల్లీయాంప్స్ తీసుకునే బోర్డు 200 లాగుతుంది. స్టాటిక్ వల్ల ఐసీ పోయినట్టేనా?

కరీంనగర్_రిపేర్: స్టాటిక్కే భయ్యా. ఎండాకాలం పొడిగాలికి, చేతికి పట్టీ లేకుండా సాల్డరింగ్ చేస్తే ఇంతే. వైరు వచ్చేచోట ఒక టీవీఎస్ డయోడ్ పెట్టు, పీడ పోతుంది.

లేఔట్_వరంగల్: వేడెక్కిన తర్వాత మెయిన్స్ ఆపి, సెన్సార్ వైరు కూడా పీకేసి, కాసేపాగి మళ్లీ వేస్తే ఏమవుతుంది?

హన్మకొండ_స్టార్టర్: శుభ్రంగా పనిచేస్తుంది అన్నా. వైరు పీకకుండా ఒక్క మెయిన్స్ ఆపి వేస్తే మాత్రం ఒక్కోసారి వదలదు.

లేఔట్_వరంగల్: అయితే లాచప్. స్టాటిక్‌కు పోయిన ఇన్‌పుట్ అలా బాగుపడదు, లీకేజీ అలాగే ఉండిపోతుంది. ఇంకొకటి చూడండి. మెయిన్స్ ఆపి, సెన్సార్ వైరు ఉంచి, 4093 సప్లై కాలు మీద వోల్టేజ్ కొలవండి. సున్నా ఉండాలి.

హన్మకొండ_స్టార్టర్: 3 వోల్టుల దాకా చూపిస్తోంది! ఇదెక్కడి నుంచి?

లేఔట్_వరంగల్: ఇన్‌పుట్ కాలి నుంచే. చిప్‌లో ప్రతి ఇన్‌పుట్‌కు రెండు క్లాంప్ డయోడ్లుంటాయి, ఒకటి సప్లైకి, ఒకటి గ్రౌండ్‌కు. చేతి స్టాటిక్ తగిలితే ఆ కరెంటును పక్కకు పంపడానికే అవి. కానీ బోర్డు ఆగి, సెన్సార్ 5 వోల్టులు ఇస్తూ ఉంటే, పై డయోడ్ తెరుచుకుని సెన్సారే బోర్డుకు కరెంటు పోస్తుంది. సప్లై సున్నా దగ్గరున్నప్పుడు 4.3 వోల్టులను 100 ఓమ్స్‌తో భాగిస్తే 43 మిల్లీయాంప్స్. 4093 ఇన్‌పుట్‌కు హద్దు 10.

ఆ కరెంటు డయోడ్‌తో ఆగదు. కొంత చిప్ అడుగు సిలికాన్‌లోకి కారుతుంది. అక్కడ ఎవరూ కావాలని పెట్టని ఒక పీఎన్‌పీ, ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు ఒకదాని బేస్‌ను ఒకటి తోస్తూ ఉంటాయి. ఒకసారి రెండూ మేలుకున్నాయా, సప్లై నుంచి గ్రౌండ్‌కు దారి పడిపోతుంది, కారణం పోయినా మూసుకోదు. లాచప్ అంటే ఇదే. మెయిన్స్ తిరిగి వచ్చే క్షణంలోనే మీది మేలుకుంటున్నట్టుంది.

కాజీపేట_ఈసీఈ: సార్, గార్డ్ రింగ్ ఉంటే స్టాటిక్ దెబ్బ, అదే ఈఎస్‌డీ, లోపలికి రాదు కదా? మా ల్యాబ్‌లో చుట్టూ రింగ్ గీయమంటారు.

లేఔట్_వరంగల్: ఈఎస్‌డీని ఆపేది క్లాంప్, తమ్ముడూ. రింగ్ పని వేరు. చెరువు ఊట చేనులోకి రాకుండా గట్టు కింద తవ్విన కాలువ లాంటిది. ప్యాడ్ చుట్టూ సప్లైకి కట్టిన ఎన్ రింగ్, గ్రౌండ్‌కు కట్టిన పీ రింగ్ ఉంటే, కారిన కరెంటు పక్క ట్రాన్సిస్టర్ బేస్ చేరకముందే వాటిలో పడుతుంది. రింగ్‌కు కాంటాక్ట్‌లు దగ్గర దగ్గరగా లేకపోతే మాత్రం గీసి లాభం లేదు, దాని రెసిస్టెన్స్ మీదే వోల్టేజ్ నిలబడుతుంది. చోటు తింటుంది కాబట్టి ప్రతి గేటు చుట్టూ పెట్టరు, ప్యాడ్ల దగ్గరే ఎక్కువ.

జగిత్యాల_ఇన్వర్టర్: మా ఇన్వర్టర్‌లో మాస్‌ఫెట్లు జతగా కాలిపోతున్నాయి. ఇదీ లాచప్పేనా?

లేఔట్_వరంగల్: కాదేమో. రెండూ ఒకేసారి ఆన్ అవుతున్నాయేమో గేట్ సిగ్నల్స్ చూడండి. విడిగా అడగండి.

కరీంనగర్_రిపేర్: సరే లాచప్పే అనుకుందాం. టీవీఎస్ పెడితే దీన్ని కూడా ఆపుతుంది కదా?

లేఔట్_వరంగల్: ఇక్కడ ఆపదు అన్నా. వచ్చేదే 5 వోల్టులు, 5 వోల్టుల టీవీఎస్ దానికి కదలదు. పెద్ద సర్జ్ వచ్చినా ఎస్‌ఎంబీజే5.0ఏ పూర్తి కరెంటు దగ్గర 9.2 వోల్టుల దాకా వదులుతుంది, చిప్ డయోడ్ అంతకు ముందే తెరుచుకుంటుంది. టీవీఎస్ వైరు దగ్గర, దాని తర్వాత చిప్ ముందు పెద్ద రెసిస్టర్ ఉండాలి. 100 తీసి 10 కిలో ఓమ్స్ పెడితే ఆ 43 కాస్తా అర మిల్లీయాంప్ లోపే. నీటిమట్టం సిగ్నల్‌కు తొందరేమీ లేదు, ఆలస్యమైనా నష్టం లేదు.

హన్మకొండ_స్టార్టర్: 10 కే పెట్టాను, మెయిన్స్ ఆపితే సప్లై కాలు మీద దాదాపు ఏమీ లేదు. ఊళ్లో కరెంటు పోయి వచ్చేదాకా చూడాలి. కానీ కాంటాక్టర్ పడేటప్పుడు కూడా ఒకసారి వేడెక్కిందని రైతు అంటున్నాడు.

లేఔట్_వరంగల్: అది కాయిల్ స్పైక్ సప్లైలోకి వస్తోందేమో. ఇన్‌పుట్ రెసిస్టర్ దానికి పనిచేయదు. కాయిల్ మీద స్నబ్బర్ ఉందా?

కరీంనగర్_రిపేర్: నేను ఇప్పటికీ ఆ ఐసీలు డూప్లికేట్ అంటాను. బజార్‌లో దొరికే 4093లు అన్నీ ఒకలా ఉండవు.

లేఔట్_వరంగల్: ఆ మాట కాదనలేను. వేరే లాటుది ఒకటి వేసి, 100 ఓమ్స్‌తోనే టేబుల్ మీద ఆపి వేసి చూస్తే తెలుస్తుంది. సప్లైకి కరెంటు లిమిట్ 50 మిల్లీయాంప్స్ పెట్టుకోండి, లాచ్ అయినా ఐసీ కాలదు.