చిట్టాలో 2.10 గ్రోసులు అంటే ఎన్ని గుండీలు?

చిట్టాలెక్క: పాత స్టాకు చిట్టాను ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నానండి. గుండీల పేజీకి పైన "గ్రోసులు" అని రాసి ఉంది. కింద మూడు వరుసల్లో 4.3, 2.10, 1.7 అని ఉన్నాయి. మూడూ కూడితే 8.1 వచ్చింది. గ్రోసుకు 144 కదా అని గుణిస్తే 1166.4 వచ్చింది. పెట్టెలు విప్పి లెక్కపెట్టిన వాళ్లేమో 1248 అంటున్నారు. తప్పు ఎవరిది?

నోటిలెక్క: డజనుకు 12, గ్రోసుకు 12 డజన్లు, అంటే 144. పది గ్రోసులైతే 1440, దాన్ని గ్రేట్ గ్రోసు అంటారు. మీ గుణకారం సరిగ్గానే ఉంది. 1166కి రౌండ్ చేసేయండి. పెట్టెల్లో ఎవరో పైన కొన్ని ఎక్కువ వేసి ఉంటారు.

పన్నెండోఎక్కం: రౌండ్ చెయ్యకండి, ఆ .4 మీకు చాలా విలువైన ఆధారం. గుండీలు విడివిడిగా లెక్కపెట్టే వస్తువులు, వాటి మొత్తంలో దశాంశం రాకూడదు. వచ్చిందంటే చుక్కను తప్పుగా చదివామని అర్థం.

ఆ చిట్టా రాసినవారు చుక్కను దశాంశానికి పెట్టలేదు. చుక్కకు ముందున్నవి గ్రోసులు, తర్వాతవి డజన్లు. అలా చదివితే 4.3 అంటే 4 గ్రోసుల 3 డజన్లు: 576కు 36 కలిపి 612. 2.10 అంటే 2 గ్రోసుల 10 డజన్లు: 288కి 120 కలిపి 408. 1.7 అంటే 144కు 84 కలిపి 228. మూడూ కలిపితే 1248. పెట్టెలు లెక్కపెట్టినవాళ్లదే ఒప్పు.

అసలు దెబ్బ రెండో వరుసలో తగిలింది. 2.10 అని టైపు చేయగానే ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 2.1 చేస్తుంది. పది డజన్లు కాస్తా ఒక్క డజను అయిపోయాయి. ఆపైన దాన్ని దశాంశంగా గుణించేసరికి 408కి బదులు 302.4 వచ్చింది. మిగతా రెండు వరుసల్లో తేడా ఎదురు దిక్కున ఉంది: 612కి బదులు 619.2, 228కి బదులు 244.8. ఒకచోట తగ్గి మరోచోట పెరిగింది కాబట్టి మొత్తంలో 81.6 మాత్రమే తేడా కనిపించింది. అందుకే మొత్తం ఒక్కటే సరిచూస్తే చాలదు, ప్రతి వరుసనూ విడిగా గుణించి చూడాలి.

ఇంకొకటి, గ్రేట్ గ్రోసు అంటే పది గ్రోసులు కాదు, పన్నెండు. 12 × 144 = 1728. ఇక్కడ ప్రతి మెట్టూ పన్నెండే, మధ్యలో పది ఎక్కడా రాదు.

నోటిలెక్క: గ్రేట్ గ్రోసు విషయంలో పొరపడ్డాను, సరిదిద్దినందుకు థాంక్స్ అండి. కానీ చుక్క పెట్టిన ప్రతిచోటా అలా చదవాలంటే ఒప్పుకోలేను. నిజంగానే రెండున్నర గ్రోసులను 2.5 అని రాసేవాళ్లూ ఉంటారుగా?

పన్నెండోఎక్కం: ఉంటారు, అందుకే ముందు పేజీ మొత్తం ఒకసారి చూడాలి. చుక్క తర్వాత 10 గానీ 11 గానీ ఎక్కడైనా కనిపిస్తే అవి డజన్లే. 25, 75 లాంటివి కనిపిస్తే అది దశాంశం, ఎందుకంటే 12 డజన్లు నిండితే అది మరో గ్రోసు అవుతుంది, చుక్క తర్వాత 11కి మించి రాదు. ఈ పేజీలో 2.10 ఉంది కాబట్టి నాకు సందేహం లేదు.

పెట్టెలబండి: నాకూ ఇదే ఇబ్బంది! సరుకు కాగితంలో గ్రాస్ 24 అని ఉంది. 24 × 144 = 3456 అనుకున్నాను, పెట్టెలో చూస్తే 600 కూడా లేవు.

పన్నెండోఎక్కం: మీది వేరే సంగతండి. ఆ కాగితంలో దాని పక్కన నెట్ అని ఇంకో అంకె ఉందేమో చూడండి. ఉంటే మీ గ్రాస్ 24 పెట్టెతో కలిపిన బరువు, కిలోల్లో రాసి ఉంటారు. సంఖ్యకు సంబంధించిందైతే యూనిట్ గడిలో సాధారణంగా `GRO` అనే కోడ్ ఉంటుంది. డజనుకు `DZN`.

పెట్టెలబండి: ఉందండి, నెట్ 22. బరువే.

చిట్టాలెక్క: చాలా మేలు చేశారు. మరి ఎక్సెల్‌లో ఎలా ఎక్కించాలి? 4-3-0 అని గీతలు పెట్టి చూస్తే తారీఖుగా మారిపోతోంది. సెల్‌ను టెక్స్ట్‌గా మార్చినా 2.1 మళ్లీ 2.10 కాలేదు.

పన్నెండోఎక్కం: టైపు చేశాక టెక్స్ట్‌గా మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు. చిట్టా చూసి మళ్లీ కొట్టాల్సిందే. అసలు చుక్కా వద్దు, గీతా వద్దు. గ్రోసులు A, డజన్లు B, విడివి C, ఇలా మూడు కాలమ్‌లు పెట్టుకోండి. D2లో:

```
=A2*144+B2*12+C2
```

ఒక మొత్తాన్ని మళ్లీ గ్రోసులు, డజన్లు, విడివిగా విడగొట్టాలంటే, వరుసగా:

```
=INT(D2/144)
=INT(MOD(D2,144)/12)
=MOD(D2,12)
```

మీ 1248 ఇందులో వేస్తే 8, 8, 0 వస్తాయి. చేత్తో కూడినా అంతే: గ్రోసులు 4, 2, 1 కలిపి 7, డజన్లు 3, 10, 7 కలిపి 20. ఇరవై డజన్లలో పన్నెండు ఒక గ్రోసుగా పక్కకు వెళ్తే 8 మిగులుతాయి. చేత్తో కూడేటప్పుడు జరిగే పొరపాటు ఒక్కటే, అలవాటు కొద్దీ పదికి ఒకటి అందుకోవడం. B కాలమ్‌లో 12 లేదా అంతకన్నా పెద్ద అంకె కనిపిస్తే అక్కడ ఆగి చూడండి.

మాటలమూట: అదే పేజీలో ఎక్కడైనా స్కోరు అని ఉందా? నేను అనువాదాలు చేస్తాను, నాకు అది తగులుతుంటుంది. స్కోరు అంటే 20. లింకన్ 1863లో గెటిస్‌బర్గ్ ప్రసంగాన్ని నాలుగు స్కోర్ల ఏడేళ్ల కిందట అంటూ మొదలుపెట్టాడు. 4 × 20 + 7 = 87, వెనక్కి లెక్కేస్తే 1776. కానీ ముందు అంకె లేకుండా "స్కోర్ల కొద్దీ జనం" అన్నట్టు వస్తే అది పదుల కొద్దీ అని చెప్పడమే, ఇరవైతో గుణించకూడదు.

చిట్టాలెక్క: స్కోర్లు లేవండి, బతికాను. వేరే పేజీలో మాత్రం ఒకే ఒక్క వరుస ఉంది: 3.5 గ్రోసులు. చేతిరాత కూడా వేరు.

పన్నెండోఎక్కం: అదే అన్నిటికన్నా చిక్కైన అంకె. డజన్లుగా చదివితే 432కు 60 కలిపి 492. మూడున్నర అనుకుంటే 504. రెండూ పూర్ణసంఖ్యలే, అందుకని దశాంశం వచ్చిందా లేదా అన్న పరీక్ష ఇక్కడ పనిచేయదు. గ్రోసుల్లో చుక్క తర్వాత ఒక్క అంకె ఉన్నవాటిలో ఇలా తప్పించుకునేది 5 ఒక్కటే. పక్కన వేరే వరుసలు లేవు, రాసింది వేరే మనిషి. కాగితం చూసి చెప్పలేం, ఆ సరుకును లెక్కపెట్టించండి.

నోటిలెక్క: నేనైతే 504 అంటాను. మూడున్నర అనుకునే రాసి ఉంటారు.

చిట్టాలెక్క: ఆ సరుకు ఇప్పుడు లేదండి, అయిపోయింది. గడి ఖాళీగా వదిలి, పక్కన "492 లేదా 504" అని రాసి పెడుతున్నాను.