చేంజ్ రిక్వెస్ట్ అప్రూవ్ అయినా పాత డాక్యుమెంట్‌తోనే టెస్టింగ్ జరిగింది, లోపం ఎక్కడ?

మా ప్రాజెక్ట్‌లో రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ 2.1ని బేస్‌లైన్ చేశాం. తర్వాత సెషన్ టైమౌట్‌ని 30 నిమిషాల నుంచి 15కి మార్చాలని ఒక చేంజ్ రిక్వెస్ట్ వచ్చింది, బోర్డు అప్రూవ్ చేసింది, రిక్వైర్‌మెంట్స్ 2.2 అయింది, డెవలపర్ కోడ్ మార్చాడు, రిక్వెస్ట్ క్లోజ్ చేసేశాం. రెండు వారాల తర్వాత టెస్టర్లు 15 నిమిషాలకే లాగౌట్ అవుతోందని బగ్ వేశారు. చూస్తే టెస్ట్ ప్లాన్ 1.4 ఇంకా రిక్వైర్‌మెంట్స్ 2.1నే చూపిస్తోంది.

ముందు వెర్షన్ కంట్రోల్ సరిగా లేదేమో అనుకుని ఫైల్ పేర్లలో final, final2 లాంటివి తీసేసి అన్నీ గిట్‌లో పెట్టాం. ఏ ఫైల్ ఎప్పుడు, ఎవరు మార్చారో ఇప్పుడు బాగానే తెలుస్తోంది, కానీ ఏ టెస్ట్ ప్లాన్ ఏ రిక్వైర్‌మెంట్స్‌తో జత అన్నది మాత్రం తెలియట్లేదు. తర్వాత చేంజ్ ఫారంలో ఇంపాక్ట్ కాలమ్ పెట్టాం, అందరూ 'రిక్వైర్‌మెంట్స్, కోడ్' అని రాసి వదిలేస్తున్నారు.

నాకు అర్థమైనంతవరకు మార్పు చేయాలా వద్దా అన్నది చేంజ్ కంట్రోల్ పని, ఒక్కో ఫైల్ చరిత్ర వెర్షన్ కంట్రోల్ పని, ఏయే వెర్షన్లు కలిసి ప్రస్తుత బేస్‌లైనో చెప్పడం కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ పని. మా దగ్గర లేనిది ఈ మూడోదే అనిపిస్తోంది.

సంబంధించిన డాక్యుమెంట్లన్నీ అప్‌డేట్ అయి కొత్త బేస్‌లైన్ పడేదాకా చేంజ్ రిక్వెస్ట్‌ని క్లోజ్ చేయకుండా మీ టీముల్లో ఎవరు, ఏ దశలో ఆపుతున్నారు?