ఒక్క రోజు స్టూడియోతో ఐదు పాటల కథ: కలిసి వాయించాలా, విడివిడిగానా?

కొత్తబ్యాండు: డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు, మొత్తం నలుగురం. స్టూడియోకి 8 గంటలకే డబ్బుంది. కరెంటు పోయిన ఒక రాత్రి, ఒకే ఇంట్లో జరిగే ఐదు పాటల కథ అనుకున్నాం. అందరం కలిసి వాయించాలా, ఒక్కొక్కరం విడిగా రికార్డు చేయాలా?

తీగలమోత: విడిగానే చేయండి. కలిసి వాయిస్తే డ్రమ్స్ మోత గొంతు మైకులోకి దూరుతుంది, తర్వాత శ్రుతి సరిచేయలేరు. లయ తప్పకుండా చెవిలో టిక్ టిక్ మనే క్లిక్ పెట్టుకుని ఒక్కొక్కటీ పేర్చుకోండి.

పాతకన్సోల్: మోత దూరడం నిజమే. కానీ ఐదు పాటలకు నలుగురంటే 20 భాగాలు, ఒక్కోదానికి అరగంట వేసినా 10 గంటలు. డ్రమ్స్‌కి మైకులు అమర్చే రెండు గంటలు ఇందులో కలపలేదు.

మీ కథలోనే దారి ఉంది. మొదటి పాటలో అందరూ వాయిస్తారు. రెండో పాట మధ్యలో కరెంటు పోతుంది, ఎలక్ట్రిక్ గిటార్, బేస్ ఠక్కున ఆగిపోతాయి. మూడు, నాలుగు పాటలకు గొంతు, మామూలు గిటార్ చాలు. ఐదో పాటకు కరెంటు తిరిగొస్తుంది. రికార్డింగ్ మాత్రం ఈ వరుసలో వద్దు. డ్రమ్స్ ఉన్న 1, 2, 5 ముందు కలిసి వాయించేయండి, రెండు గంటలు. తర్వాత 3, 4కి గంటన్నర. డ్రమ్స్ ఉన్న ఆ మూడు పాటల గొంతుకి ఇంకో గంటన్నర. అమరికతో కలిపి 7 గంటలు.

ఆ మూడు పాటలు వాయించేటప్పుడు గాయకుడు వేరే గదిలో హెడ్‌ఫోన్స్‌తో పాడాలి. అదే గదిలో పాడితే ఆ గొంతు డ్రమ్స్ పైనున్న మైకుల్లో పడుతుంది. సాయంత్రం ఎంత బాగా మళ్లీ పాడినా, సింబల్స్ వెనక పాత గొంతు దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది.

మైకులు కదిపేముందు అందరూ ఊరుకుని గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి, గిటార్ ఆంప్ ఊరికే ఉన్నా చేసే సన్నటి గుంయ్‌మనే హమ్‌తో ఒకసారి, అది లేకుండా ఇంకోసారి. పాటల మధ్య ఉత్త ఖాళీ వదిలితే గదే మాయమైనట్టు చెవికి తెలిసిపోతుంది. రెండో పాటలో గిటార్‌తో పాటు హమ్ కూడా ఆగాలి. వినేవారికి కరెంటు పోయిందని చెప్పేది అదే.

ఇద్దరమే: మాకు డ్రమ్స్ లేవు. స్టూడియో అవసరమా? అన్ని పాటలూ ఒకే శ్రుతిలో ఉంటే అతకడం తేలిక కదా?

పాతకన్సోల్: డ్రమ్స్ లేకపోతే ఫ్యాను ఆపిన నిశ్శబ్దపు గది చాలు. ఒకే శ్రుతి మాత్రం వద్దు, మూడో పాటకే చెవి విసుగెత్తుతుంది. ఒక పాట ఆగిన స్వరం తర్వాతి పాట మొదటి స్వరాల్లో ఉంటే అతుకు కుదురుతుంది.

తీగలమోత: లెక్క ఒప్పుకుంటాను. కానీ ఐదో పాటకు డ్రమ్స్ ఎందుకు? హమ్ మళ్లీ మొదలైతే చాలు కదా.

పాతకన్సోల్: మొదటిసారి వినేవారికి అంత చిన్న శబ్దం అందదని నా అనుమానం. మిగిలిన గంటలో డ్రమ్స్ లేకుండా కూడా ఒక టేక్ తీసుకుని, రెండూ విని తేల్చుకోండి.