అరియర్స్ మీద సెక్షన్ 89 రిలీఫ్: నాకు సున్నా వస్తోంది, తోటి ఉద్యోగికి 6,240. ఎవరిది సరి?

2023-24లో నాకు 1,20,000 అరియర్స్ ఒకేసారి వచ్చాయి. అందులో 60,000 2021-22 సంవత్సరానివి, 60,000 2022-23వి. మూడేళ్లూ పాత పద్ధతిలోనే ఉన్నాను. కింద ఉన్నవన్నీ డిడక్షన్లు పోగా మిగిలిన ఆదాయాలు.

ముందు ఈ ఏడాది లెక్క. అరియర్స్‌తో కలిపి 8,00,000. సెస్‌తో పన్ను 75,400. అరియర్స్ తీసేస్తే 6,80,000 మీద 50,440. అంటే అరియర్స్ వల్ల ఇప్పుడు పడిన భారం 24,960.

ఇక పాత ఏళ్లు. 2022-23లో ఆదాయం 5,60,000. దానికి 60,000 కలిపితే పన్ను 12,480 పెరుగుతుంది. ఇక్కడిదాకా పేచీ లేదు.

తంటా అంతా 2021-22తోనే. అప్పటి ఆదాయం 4,60,000. 87ఎ రిబేటు వల్ల అప్పుడు ఒక్క రూపాయి కూడా కట్టలేదు. 60,000 కలిపితే 5,20,000 అవుతుంది, 5 లక్షలు దాటగానే రిబేటు మొత్తం పోతుంది, పన్ను 17,160. తేడా కూడా అంతే. రెండేళ్లదీ కలిపితే 29,640. ఇది 24,960 కంటే ఎక్కువ కాబట్టి రిలీఫ్ సున్నా.

మా తోటి ఉద్యోగి మాత్రం 4,60,000 మీద రిబేటుకు ముందున్న పన్ను 10,920 వేసుకోమంటున్నారు. అలాగైతే తేడా 6,240కి తగ్గి, రిలీఫ్ 6,240 వస్తుంది. కట్టని పన్నును కట్టినట్టు రాయడం నాకు మింగుడుపడటం లేదు.

ఫారం 10ఇ టేబుల్ ఎలో రిబేటు పోగా మిగిలిన పన్నే వేయాలా? ఇలాంటి కేసులో ఫారం వేసినవాళ్లు చెప్పండి. రిటర్న్ కంటే ముందే అది వేయాలి కదా, అందుకే ఆగాను.