తెల్లవారుజాము కల, కలత నిద్ర: ఒక మాట కోసం వెతుకులాట

మాధవి:
అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరు, సొంతూరు ప్రొద్దుటూరు. పెద్దవాళ్ల కోసం రాసిన ఒక ఆరోగ్య పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. నిద్ర అధ్యాయం దగ్గర ఆగిపోయాను. డాక్టర్లు ‘రెమ్ నిద్ర’ అనేదాన్ని తెలుగులో ఏమనాలి? ‘శీఘ్ర నేత్ర చలన నిద్ర’ అని రాసి మా అమ్మకు చదివి వినిపిస్తే, “ఇది కంటి జబ్బు గురించా?” అని అడిగింది. ఆ మాట పనికిరాదని అప్పుడే తేలిపోయింది.

దాంతోపాటే ఇంకో సందేహం. ‘తెల్లవారుజాము కల’ అని అందరం అంటాం. ‘అర్ధరాత్రి కల’ అని ఎవరూ అనగా వినలేదు. కలకు ఆ వేళే ఎందుకు అతుక్కుంది?

రామకృష్ణారావు:
అమ్మా మాధవీ, జాము అంటే మూడు గంటలు. రాత్రికి నాలుగు జాములు. నాలుగోది దాదాపు 3 నుంచి 6 వరకు. మొదటి జాములో వచ్చిన కల ఏడాదికి ఫలిస్తుందని, రెండోది ఆరు నెలలకు, మూడోది మూడు నెలలకు, తెల్లవారుజాముది వెంటనే ఫలిస్తుందని పెద్దలు చెప్పేవారు. ఈ లెక్కలు ఊరికో రకంగా ఉంటాయి. చివరి జాము కలకే బలం ఎక్కువన్న మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మీ మాటకు నా సూచన ‘కలత నిద్ర’. అందులో కల ఉంది, మన ఇళ్లలో వాడుకలోనూ ఉంది. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ఈ నిద్రను కనిపెట్టారు. కనురెప్పల కింద కళ్లు గబగబా కదిలే ఆ సమయంలోనే కలలు వస్తాయి, మిగతా నిద్రంతా శూన్యం.

షబానా:
మాస్టారూ, నమస్తే. మాది కర్నూలు. బెంగళూరులో ఒక ఆసుపత్రి నిద్ర పరీక్షల గదిలో టెక్నీషియన్‌గా 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. రాత్రంతా జనం నిద్రపోతుంటే తెర మీద గీతలు చూడటమే నా ఉద్యోగం. మీరు చెప్పిన 1953 సంగతి నిజమే. కానీ ‘ఆ సమయంలోనే’ అన్న మాట నిలవలేదు. 1962లో ఫౌల్క్స్ అనే పరిశోధకుడు మిగతా దశల్లోనూ మనుషుల్ని లేపి అడిగాడు. చాలామంది ఏదో ఒకటి చెప్పారు. తేడా ఎక్కడంటే, చెప్పే దాని తీరులో.

రాత్రి పదకొండున్నరకు గాఢనిద్రలో ఉన్న మనిషిని లేపితే ముందు తానెక్కడున్నాడో తెలియదు. అడిగితే “ఏమీ లేదు” అంటాడు, లేదంటే “తాళం వేశానా లేదా అనుకుంటున్నాను” అంటాడు. ఒక్క ఆలోచన, అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకు కళ్లు కదులుతున్నప్పుడు లేపితే కథ చెబుతాడు. చచ్చిపోయిన మేనమామ వస్తాడు, ఇల్లు కాస్తా రైలవుతుంది, పరీక్షకు టైమ్ అయిపోతుంది, భయమో ఏడుపో ఉంటుంది.

వసుంధర:
అమ్మా షబానా, మా మనవడికి నాలుగేళ్లు. తొమ్మిదింటికి పడుకుంటాడు. పదిన్నర ప్రాంతంలో కళ్లు తెరిచి కేకలు పెడతాడు, మమ్మల్ని గుర్తుపట్టడు. పీడకలేమోనని అడిగితే పొద్దున ఏమీ తెలియదంటాడు. తెల్లవారుజాము కలే ఫలిస్తుందంటున్నారు కదా, ఇది రెండో జాములోనే వచ్చింది కాబట్టి భయం లేనట్టేనా?

షబానా:
పెద్దమ్మా, అసలది కలే కాకపోవచ్చు. మన ఇళ్లలో దీన్నే ‘నిద్రలో జడుసుకున్నాడు’ అంటారు కదా, ఆ మాటే సరైనది. పడుకున్న గంటా రెండు గంటల్లో, గాఢనిద్రలోంచి సగం మాత్రమే లేవడం వల్ల వస్తుంది. అందుకే గుర్తుపట్టడు, పొద్దునకు గుర్తుండదు. పీడకలైతే ఎక్కువగా రాత్రి చివర్లో వస్తుంది. పిల్లాడు పూర్తిగా మేలుకుని “కుక్క తరిమింది” అని చెబుతాడు. జడుసుకున్నప్పుడు గట్టిగా కుదిపి లేపకండి, పడిపోకుండా పక్కన ఉండండి. వారంలో చాలాసార్లు వస్తున్నా, ఒళ్లు బిగుసుకుని కొట్టుకుంటున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

వసుంధర:
జడుపు వేరు, పీడకల వేరు అని ఇన్నాళ్లూ అనుకోలేదు తల్లీ. వాళ్లమ్మకు చెబుతాను.

కిరణ్:
అక్కా, నాకొక సందేహం. నాది నైట్ షిఫ్ట్, రాత్రి 9 నుంచి ఉదయం 5:30. మారతహళ్లిలో రూమ్‌కు వచ్చి ఆరున్నరకు పడుకుంటాను. గంటా గంటన్నరకే సినిమా లాంటి కలలు. పదిన్నరకు నీళ్ల ట్యాంకర్ మోతకు లేచేసరికి అన్నీ గుర్తుంటాయి. తెల్లవారుజాము కల అనేది నిద్ర చివర వచ్చే కల అయితే నాకు నిద్ర మొదట్లోనే ఎందుకు వస్తోంది?

షబానా:
మంచి ప్రశ్న తమ్ముడూ. మాధవి గారి ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. ముందు మామూలుగా పడుకునే మనిషి రాత్రి చూద్దాం. పదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేస్తాడనుకోండి. నిద్ర ఒక్క తీరుగా సాగదు. దాదాపు గంటన్నరకో చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టు చివరా కళ్లు కదిలే నిద్ర వస్తుంది. మొదటిసారి అర్ధరాత్రి ప్రాంతంలో, ఐదు పది నిమిషాలు. ఒకటిన్నరకు పావుగంట. మూడింటికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. నాలుగున్నర ప్రాంతంలో అరగంట పైమాటే. మనిషిని బట్టి అటూ ఇటూ అవుతుంది. మొత్తం గంటన్నర లోపు, అందులో సగానికి పైగా మాస్టారు చెప్పిన నాలుగో జాములోనే.

ఇలా పంచుకోవడానికి రెండు కారణాలు. పగలంతా మేలుకుని ఉన్నందుకు మెదడుకు గాఢనిద్ర బాకీ ఉంటుంది. తొలి మూడు గంటల్లో ఆ బాకీ చాలావరకు తీరుతుంది. అది తీరేదాకా కళ్లు కదిలే నిద్రకు చోటు తక్కువ. రెండోది ఒంట్లోని గడియారం. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గుతుంది. అక్కడినుంచి అది పెరగడం మొదలయ్యే సమయంలో కళ్లు కదిలే నిద్ర ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ.

నువ్వు ఆరున్నరకు పడుకుంటున్నావు. రోజూ షిఫ్టే అయినా, సెలవు రోజుల్లో రాత్రిపూట పడుకుంటే గడియారం పూర్తిగా మారదు. అంటే నువ్వు పడుకునే సమయానికే ఆ ఒత్తిడి పైన ఉంటుంది. గాఢనిద్ర ముందు వస్తుంది, కానీ మొదటి చుట్టులోనే కళ్లు కదిలే నిద్ర పొడుగ్గా వచ్చేస్తుంది. పొద్దున కునుకు తీస్తే కలలు ఎక్కువ, సాయంత్రం కునుకులో గాఢనిద్ర ఎక్కువ. మా గదిలో పగటి పరీక్షల్లో ఇది కనబడుతూనే ఉంటుంది. కాబట్టి నీకు వచ్చేది అచ్చమైన తెల్లవారుజాము కలే. మేలుకుని ఉన్నందువల్ల అది నీ నిద్ర చివర కాకుండా మొదట పడింది.

కిరణ్:
అంటే నేను నాలుగు గంటలే పడుకుంటున్నా కలలకు లోటు లేదు. కానీ మా రూమ్‌మేట్ రాత్రి పన్నెండుకు పడుకుని జిమ్ కోసం నాలుగున్నరకు అలారమ్ పెడతాడు, తనకు కలలే రావంటాడు.

షబానా:
ఆయన సరిగ్గా చివరి భాగాన్ని కోసేసుకుంటున్నాడు. నిద్రలో మూడో వంతు పోయిందనుకుంటే, కళ్లు కదిలే నిద్రలో సగం పోయి ఉంటుంది. సెలవు రోజున పొద్దెక్కేదాకా పడుకుంటే కలలు వరదలా వస్తాయి, అడిగి చూడు.

‘రావు’ అనడంలో ఇంకో చిక్కుంది. కల వచ్చిందని మనకు తెలిసేది మెలకువ వచ్చి గుర్తున్నప్పుడే. కలలో ఉన్నంతసేపు మెదడులో నారడ్రినలిన్ లాంటి రసాయనాలు దాదాపు ఆగిపోయి ఉంటాయి. జ్ఞాపకం గట్టిపడకపోవడానికి అదొక కారణం అనుకుంటున్నారు. ఒంటిగంటన్నర కల తర్వాత మెలకువ రాకుండా మళ్లీ గాఢనిద్రలోకి జారితే అది పోయినట్టే. చివరి కలలోంచి నేరుగా లేస్తాం, అందుకే అది మిగులుతుంది. లేవగానే ఫోన్ తీస్తే అదీ పోతుంది. పక్క మీద కదలకుండా ఒక నిమిషం పడుకుంటే వెనక్కి పట్టుకోవచ్చు.

రామకృష్ణారావు:
షబానా గారూ, చాలా తెలుసుకున్నాను. ‘ఫలిస్తుంది’ అనేది ఇక్కడినుంచే పుట్టిందేమో. గుర్తున్న కలనే కదా పగటితో పోల్చి చూసుకుంటాం. మరిచిపోయిన కల ఫలించిందో లేదో చూసేదెవరు?

షబానా:
అయి ఉండొచ్చు మాస్టారూ. కానీ ఒక్క గుర్తుండటమే కాదు. తెల్లవారుజామున మామూలు తేలిక నిద్రలోంచి లేపినా కలలు తొలిరాత్రి కంటే కథలా ఉంటాయి. పొద్దు దగ్గరపడేకొద్దీ మెదడు మెలకువ వైపు జరుగుతుంది కాబట్టి అని ఒక వివరణ. దశ ఎంత, వేళ ఎంత అన్నది విడదీయడం ఇప్పటికీ తేలని విషయమే.

మాధవి:
అయితే ‘కలల నిద్ర’ అని రాస్తే తప్పే. మిగతా నిద్రలో కలలు లేవన్న అర్థం వస్తుంది. ‘కలత నిద్ర’ మాటేమిటి?

రామకృష్ణారావు:
నా సూచన నేనే వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ. నిన్న రాత్రి కూర్చుని చూశాను. కలతలో ఉన్నది కల కాదు. అది ‘కలగు’ నుంచి వచ్చింది, నీళ్లు కలగినట్టు మనసు కలగడం. స్వప్నం అనే కల వేరు. కన్నడంలో కనసు, తమిళంలో కనవు, మనకు కల. ఇవి ఒకే కుటుంబం. మీ బెంగళూరులో పక్కింటివాళ్లు ‘కనసు బిత్తు’ అంటారు, కల పడిందని. మనం ‘కల వచ్చింది’ అంటాం, ‘కల కన్నాను’ అని కూడా అంటాం. కనడం అంటే చూడటమే.

షబానా:
పైగా కలత నిద్ర అంటే మా దగ్గరికొచ్చేవాళ్ల లెక్కలో మాటిమాటికీ మెలకువ వచ్చే నిద్ర. రెమ్‌లో మనిషి అలా ఉండడు. గడ్డం దగ్గర పెట్టిన తీగ గీత చదునుగా పడిపోతుంది, కండరాలు వదిలేస్తాయి. ఒళ్లు శవంలా, మెదడు మెలకువలా, కళ్లు మాత్రం కదులుతూ. ఆ కండరాలు వదలకుండా నిద్రలో తన్నడం, గుద్దడం చేసే పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల ఇంట్లోవాళ్లు “కలత నిద్ర అండీ” అనే చెబుతారు. అదొక జబ్బు, నరాల డాక్టర్ చూడాలి. మీ పుస్తకం పెద్దల కోసం కాబట్టి ఆ మాట అస్సలు వాడకండి.

కిరణ్:
‘రెమ్ నిద్ర’ అనే ఉంచేయండి మాధవి గారూ. ఫోన్‌లో, వాచీలో అదే కనబడుతుంది.

మాధవి:
మా అమ్మ దగ్గర వాచీ లేదు కిరణ్ గారూ. ‘కళ్లు కదిలే నిద్ర’ అని నిన్న చదివి వినిపించాను. “పసిపాప నిద్రలో రెప్పల కింద గుడ్లు తిప్పుతుందే, అదా?” అంది. ప్రస్తుతానికి అదే రాశాను. గాఢనిద్రకు మాత్రం ‘ఒళ్లు తెలియని నిద్ర’ అని రాయాలని ఉంది. కానీ షబానా గారు చెప్పినదాన్ని బట్టి, అసలు ఒళ్లు వదిలేసేది కళ్లు కదిలే నిద్రలో కదా. ఈ మాట ఎవరికి చెందాలో ఎవరైనా చెబుతారా?