పైపు కొలిస్తే 33 మిల్లీమీటర్లు, తెప్పించిన 32 ఫిట్టింగులు వదులు. ఎక్కడ పొరపాటు?

నిజాంపేట_మేడ: మేడ మీది ట్యాంకు నుంచి కిందికి వచ్చే తెల్ల యూపీవీసీ లైన్ పగిలింది. పైపు మీద అక్షరాలు ఎండకు చెరిగిపోయాయి. స్కేలు పెట్టి చూస్తే అడ్డంగా 33 మిల్లీమీటర్లు వచ్చింది. 25.4తో భాగిస్తే 1.3 ఇంచులు. అంటే ఇంచుంబావు అనుకుని, ఆన్‌లైన్‌లో ‘32 ఎంఎం’ అని ఉన్న ఎల్బోలు ఆరు, టీలు రెండు తెప్పించాను. పైపు పెడితే లోపల గలగలా ఊగుతోంది. ఇంట్లో రెండు రోజులుగా బకెట్లతో నీళ్లు మోస్తున్నాం. ఎవరైనా చెప్పండి.

కూకట్‌పల్లి_కిరణ్: లెక్క చాలా సులువు బ్రదర్. అర ఇంచు 15, ముప్పావు 20, ఇంచు 25, ఇంచుంబావు 32. అన్ని కంపెనీల డబ్బాల మీదా ఇదే ఉంటుంది. నీకు తప్పు సరుకు పంపారు, రిటర్న్ పెట్టు.

రాణిగంజ్_పాతకాపు: కిరణ్ గారు చెప్పిన జత సరైనదే, కానీ సరుకు తప్పు కాదు. ఆ 25, 32 అనేవి పైపు పేర్లు మాత్రమే, స్కేలుకు అందే కొలతలు కావు. ఇరవై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాను, వారానికి ఒకరైనా ఈ సంచితోనే తిరిగొచ్చేవారు. తెల్ల యూపీవీసీలో ఇంచు పైపు బయటి కొలత 33.4. పేరు మాత్రం 25. మీది ఇంచు పైపే. మీరు తెచ్చిన 32 ఎల్బోలోకి 42.2 ఉన్న పైపు దిగుతుంది. మధ్యలో దాదాపు 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే ఊగక ఏం చేస్తుంది?

స్కేలు అడ్డంగా పెడితే గుండ్రటి పైపు మీద సరిగ్గా మధ్యకు రాదు. నూలు దారం ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, విప్పి కొలవండి. 105 మిల్లీమీటర్లు వస్తే 3.14తో భాగించండి, 33.4 వస్తుంది. అప్పుడు ‘25 ఎంఎం, యూపీవీసీ’ అని ఆర్డర్ పెట్టండి.

పద్మజ_అల్వాల్: మా బాత్రూంలో వేడినీళ్ల పైపు కొలిస్తే 22 వచ్చింది. ఇంచుల్లోకి మారిస్తే 7/8. మూడు షాపులు తిరిగాను, ఆ సైజే లేదన్నారు. ఇదీ అలాంటిదేనా అండీ?

రాణిగంజ్_పాతకాపు: అవునమ్మా. మీది మీగడ రంగు సీపీవీసీ అయి ఉంటుంది. అందులో బయటి కొలత పేరు కన్నా ఇంచులో ఎనిమిదో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు ఎక్కువ. 22.2లోంచి 3.2 తీస్తే 19, అదే ముప్పావు. ‘20 ఎంఎం సీపీవీసీ’ అని అడగండి. కానీ ఈ తీసివేత తెల్ల పైపుకు పనికిరాదు. అక్కడ ముప్పావు బయటి కొలత 26.7. రెండింటి పేరూ 20 ఎంఎమ్మే కాబట్టి రకం చెప్పకుండా సైజు ఒక్కటే చెబితే సగం ఆర్డరే.

మూసాపేట్_శేఖర్: నాకు కుళాయి దగ్గర దెబ్బ పడింది. మర అడ్డంగా 21 ఉందని ముప్పావు సాకెట్ కొన్నాను. అది అర ఇంచు మర అని తర్వాత తెలిసింది. ఇంతకీ డ్రైనేజీకి నాలుగు ఇంచులంటే 110 ఎందుకంటారు? 101.6 కదా రావాలి?

రాణిగంజ్_పాతకాపు: డ్రైనేజీ పైపును బయటి కొలతతోనే పిలుస్తారు శేఖర్ గారూ. 110 అంటే నిజంగానే 110. బూడిద రంగు వ్యవసాయ పైపులదీ అదే పద్ధతి. షాపుల్లో రెండించుల పైపు అనేది అక్కడ 63. 50.8 లెక్కేసి 50 తెప్పిస్తే ఇంచున్నర వస్తుంది.

నిజాంపేట_మేడ: దారంతో కొలిచాను సార్. తెల్ల పైపుకు సరిగ్గా 105. ఇంచు ఎల్బోలు పక్క షాపులో దొరికాయి. కానీ బోరు నుంచి ట్యాంకుకు ఎక్కే బూడిద పైపుకు 100 చిల్లర వచ్చింది. దాన్నీ ఈ లైన్‌కు కలపాలి.

రాణిగంజ్_పాతకాపు: 100ని 3.14తో భాగిస్తే 32కు దగ్గర. అది వ్యవసాయ పైపు, వాళ్లూ ఇంచనే అంటారు. నేరుగా తెల్ల సాకెట్‌లో పెట్టకండి, 1.4 మిల్లీమీటర్ల వదులుంటుంది. అటువైపు బూడిద పైపుకు మర ఉన్న అడాప్టర్, ఇటువైపు తెల్లదానికి దాని జత వేసి బిగించండి. రెండింటికీ ఇంచు మర ఒక్కటే.

కూకట్‌పల్లి_కిరణ్: మా ప్లంబర్ సొల్యూషన్ దట్టంగా పూసి నేరుగానే దించేశాడు. రెండేళ్లయింది, చుక్క కారలేదు.

రాణిగంజ్_పాతకాపు: మీది ట్యాంకు పక్కన ఒత్తిడి లేని చోటేమో. బోరు మోటారు ఆన్ అయిన ప్రతిసారీ ఆ జాయింటు మీద తన్ను పడుతుంది. నేనైతే అలా వేయను.

నిజాంపేట_మేడ: అడాప్టర్లే తెస్తాను. బూడిద వైపుకు ‘32’ అని, తెల్ల వైపుకు ‘25’ అని అడగాలి, అంతేనా?

రాణిగంజ్_పాతకాపు: అంతే. రెండు రకాల ముక్కలు జానెడేసి కోసి జేబులో పెట్టుకుని వెళ్లండి. కౌంటర్ మీదే దించి చూసుకోండి. పొడిగా ఉన్నప్పుడు సాకెట్‌లో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా వెళ్లి బిగుసుకోవాలి.